అల్లిబిల్లి కథనాన్ని వరుస పేరాల అఫిడవిట్‌గా మార్చే పద్ధతి

కక్షిదారు చెప్పిన కథను అఫిడవిట్‌గా ఎలా మార్చాలని జూనియర్ న్యాయవాదులు, గుమాస్తాలు, తమ కేసు కాగితాలు తామే సిద్ధం చేసుకునేవారు తరచూ అడుగుతుంటారు. అఫిడవిట్లు ఎన్నో రకాలు. అన్నింటినీ ఇక్కడ చెప్పబోవడం లేదు. స్థలం విషయంలో తాత్కాలిక ఇంజంక్షన్ కోరుతూ వేసే పిటిషన్‌కు జతచేసే అఫిడవిట్‌ను మాత్రమే తీసుకుని, ఒక కల్పిత ఉదాహరణను మొదటి మాట నుంచి చివరి సంతకం వరకు నడిపించి చూపిస్తాను.

పని మొదలుపెట్టేవారికి ఒక నిబంధన తెలిసి ఉండాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డరు 3వ రూలు ప్రకారం, ప్రమాణం చేసే వ్యక్తి తన సొంత ఎరుకతో రుజువు చేయగలిగిన విషయాలే అఫిడవిట్‌లో ఉండాలి. మధ్యంతర పిటిషన్లలో మాత్రం నమ్మకాన్ని కూడా చెప్పవచ్చు, కానీ ఆ నమ్మకానికి ఆధారమేమిటో చెప్పి తీరాలి. అనవసరంగా విన్నమాటలను, వాదనలను, పత్రాల నుంచి ఎత్తిరాసిన భాగాలను నింపితే, కోర్టు వేరుగా చెబితే తప్ప, ఆ అఫిడవిట్ ఖర్చు దాన్ని దాఖలు చేసిన పక్షమే భరించాలని కూడా అదే రూలు చెబుతోంది.

## 1. ముందుగా బల్ల మీదికి చేరవలసినవి

కక్షిదారు కూర్చోగానే రాయడం మొదలుపెట్టకండి. కథ వినేటప్పుడు కింది వస్తువులు చేతికి అందేంత దూరంలో ఉంటే సగం సందేహాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

- సేల్ డీడ్, ఈసీ, పన్ను రసీదులు, ఇరుపక్షాల మధ్య నడిచిన నోటీసులు
- కక్షిదారు ఫోన్ (కాల్ జాబితా, ఫొటోలు, వాట్సాప్ సందేశాలు అందులోనే ఉంటాయి)
- గడిచిన సంవత్సరాల క్యాలెండర్, పండుగల తేదీలతో సహా
- చిన్న చీటీలు లేదా విడి కాగితాలు
- స్థలం గీత గీయడానికి ఒక తెల్ల కాగితం, దిక్కులు గుర్తుపెట్టి

## 2. కథను అడ్డుపడకుండా వినడం, విన్నది విన్నట్టు రాసుకోవడం

మొదటిసారి చెప్పేటప్పుడు ఆపి ప్రశ్నలు వేస్తే, కక్షిదారు మన ప్రశ్నలకు తగ్గట్టుగా కథను సర్దుకుంటారు. అలా సర్దుకున్న మాట రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు. కాబట్టి మొదటి విడత పూర్తిగా వినండి, వాడిన మాటలనే రాసుకోండి. మన ఉదాహరణలో కక్షిదారు ఒక మహిళ. ఆమె చెప్పింది ఇది:

> "ఆయన మొదటినుంచీ దుర్మార్గుడండీ. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నేను ఒంటరిదాన్నని తెలిసి ఈ జాగా మీద కన్నేశాడు. మొన్న రాత్రి కూలీలను పెట్టి కడీలన్నీ పీకించేశాడు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చూసి ఫోన్ చేస్తే నా గుండె ఆగినంత పనైంది. వెళ్లి చూసేసరికి అంతా నాశనం చేసి పెట్టాడు. అంతకుముందు శివరాత్రి వెళ్లిన సోమవారం కూడా ముగ్గురు మనుషులతో టేపు పట్టుకొచ్చి కొలిచాడు. ఎందుకని అడిగితే పలకలేదు. కష్టపడి దాచుకున్న డబ్బుతో 2017లో కొన్నాం, రిజిస్ట్రేషన్ నా పేరు మీదే. మరుసటేడు చుట్టూ కడీలు పాతి కంచె వేయించాం. పోలీసులకు కాగితం ఇస్తే పట్టించుకోలేదు. ఇప్పుడేమో ఈ జాగా మా నాన్నది, లోపల అడుగు పెడితే చూసుకుంటా అంటున్నాడు. ఎప్పటికైనా కబ్జా చేసేస్తాడు. నాకు దిక్కెవరండీ?"

ఇందులో కేసుకు కావలసినది దాదాపు అంతా ఉంది, అయితే ఆమెకు బాధ కలిగించిన క్రమంలో ఉంది. మనిషి కథ చెప్పేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ నొప్పించిన సంగతి ముందు వస్తుంది, పునాది లాంటి సంగతి చివర ఎక్కడో ఒక ముక్కగా వస్తుంది. న్యాయమూర్తికి ముందుగా కావలసింది ఆ పునాదే.

## 3. ఒక్కో మాటను ఒక్కో చీటీగా విడగొట్టడం

రాసుకున్న కథను వాక్యాలుగా కాకుండా సంగతులుగా కోయండి. ఒక వాక్యంలో మూడు సంగతులు ఉంటే మూడు చీటీలు అవుతాయి. ప్రతి చీటీ మీద నాలుగు గుర్తులలో ఒకటి వేయండి.

- చూ: ప్రమాణం చేసే వ్యక్తి స్వయంగా చూసినది, చేసినది, లేదా తన చెవులతో ఎదుటివారి నోట విన్నది
- వి: మరొకరు చూసి తనకు చెప్పినది
- ఊ: జరిగినదాన్ని బట్టి తాను ఊహించినది, నిర్ధారించుకున్నది
- బా: తన బాధ, కోపం, ఎదుటివారి స్వభావం మీద తీర్పు

"మొన్న రాత్రి కూలీలను పెట్టి కడీలన్నీ పీకించేశాడు" అనే ఒక్క వాక్యాన్ని తీసుకుని చూద్దాం. ఆ రాత్రి ఆమె స్థలం దగ్గర లేదు. కాబట్టి "పీకారు" అనేది వాచ్‌మన్ చెప్పిన మాట, దానికి "వి" గుర్తు పడుతుంది. "కూలీలను పెట్టి, పీకించాడు" అనేది ఎవరు పురమాయించారన్న నిర్ధారణ. వాచ్‌మన్ ఏం చూశాడో తెలిసేదాకా అది "ఊ". "అన్నీ" అనేది పరిమాణం, దాన్ని లెక్కతో సరిచూడాలి. "మొన్న" అనేది తేదీ, దాన్ని కాల్ జాబితాతో సరిచూడాలి. వినడానికి చిన్న వాక్యమే కానీ, ఉన్నది ఉన్నట్టుగా అఫిడవిట్‌లోకి వెళితే ఆమె చూడని సంగతిని చూసినట్టుగా ప్రమాణం చేసినట్టే అవుతుంది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. "ఈ జాగా మా నాన్నది, అడుగు పెడితే చూసుకుంటా" అన్నది ఎదుటి వ్యక్తి మాట కాబట్టి అది విన్నమాటేనని తీసివేస్తారు. అది పొరపాటు. ఆ మాట ఆమెతోనే, ఆమె ఎదుటే అన్నాడు. అలా అన్నాడనే సంగతికి ఆమే ప్రత్యక్ష సాక్షి, కాబట్టి ఆ చీటీ "చూ" కిందికి వస్తుంది. జాగా నిజంగా ఆయన తండ్రిదా కాదా అనే ప్రశ్న వేరు.

"దుర్మార్గుడు", "కన్నేశాడు", "గుండె ఆగినంత పనైంది", "నాకు దిక్కెవరు" అనేవి "బా" చీటీలు. వాటిని చించేయకండి, పక్కన పెట్టండి. ఒక్కో బాధ మాట కింద ఒక సంగతి దాగి ఉంటుంది. "అంతా నాశనం చేశాడు" అన్నప్పుడు "వెళ్లేసరికి మీ కళ్లకు ఏమేం కనిపించాయండీ?" అని అడిగితే, "తూర్పు వైపు నాలుగు కడీలు కింద పడి ఉన్నాయి, తీగ తెగిపోయింది" అనే జవాబు వస్తుంది. అఫిడవిట్‌లోకి వెళ్లేది ఆ జవాబు.

## 4. తేదీలను పట్టుకోవడం

కక్షిదారుకు తేదీలు గుర్తుండవు, ఆనవాళ్లు గుర్తుంటాయి. ఆ ఆనవాలును ఏదో ఒక కాగితానికో క్యాలెండర్‌కో ముడివేయాలి.

మన కథలో "శివరాత్రి వెళ్లిన సోమవారం" అనే మాట ఉంది. 2025లో మహాశివరాత్రి ఫిబ్రవరి 26న, బుధవారం వచ్చింది. ఆ తర్వాతి సోమవారం మార్చి 3. క్యాలెండర్ చూసి మనం తేల్చిన ఈ తేదీని ఆమెకు చెప్పి, ఆ రోజు ఇంకేదైనా జరిగిందా, దానికి తగిన గుర్తు ఫోన్‌లో ఉందా అని అడగాలి. "మొన్న రాత్రి" అన్నదానికి కాల్ జాబితా తెరిస్తే వాచ్‌మన్ నంబర్ నుంచి 16-03-2025 రాత్రి 9.40కి ఫోన్ వచ్చినట్టు కనిపిస్తుంది. "మరుసటేడు" అన్నదానికి కడీలు కొన్న రసీదు మీద 11-02-2018 అని ఉంది. "2017లో కొన్నాం" అన్నదానికి సేల్ డీడ్ 14-06-2017 నాటిది.

తేదీ ఎంత వెతికినా దొరకకపోతే ఊహించి వేయకండి. "2018 ఫిబ్రవరిలో" అని గానీ, "2018 ఫిబ్రవరి రెండో వారంలో" అని గానీ నిజంగా తెలిసినంత మేరకే రాయండి. తప్పు తేదీ ఒక్కటి బయటపడితే, ఎదుటి న్యాయవాది మిగతా తేదీలన్నింటినీ దానితోనే కొడతారు. సమయం విషయంలోనూ అంతే. కాల్ జాబితాలో ఉన్నది "9.40", జ్ఞాపకంలో ఉన్నది "సుమారు 10 గంటలు". ఈ రెండింటి తేడా కాగితం మీద కూడా కనిపించాలి.

## 5. కథలో లేని సంగతిని రాబట్టడం

చీటీలను తేదీల వారీగా పరిస్తే నడుమ ఖాళీలు కనిపిస్తాయి. ఈ కథలో 2018 నుంచి 2025 వరకు ఏడేళ్లు ఖాళీగా ఉన్నాయి. ఏడేళ్లు ఊరుకున్న మనిషి ఒక్కసారిగా ఎందుకు వచ్చాడు? ఈ ప్రశ్న మనకు రాకపోతే ఎదుటి పక్షానికి వస్తుంది. కాబట్టి సూటిగా అడగాలి: "ఈ మధ్యకాలంలో ఆయన నుంచి కాగితమేదైనా వచ్చిందా అమ్మా?"

చాలాసార్లు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాదు. మన ఉదాహరణలో ఆమె కాసేపు ఆలోచించి, సంచిలోంచి ఒక కవరు తీసింది. 09-08-2022 తేదీతో, ఆ స్థలం తన తండ్రిదని చెబుతూ ఆయన తన న్యాయవాది ద్వారా పంపిన నోటీసు అది. ఆమె దానికి జవాబు ఇవ్వలేదు. "అది చెబితే కేసు పోతుందేమోనని చెప్పలేదు" అంటుంది.

ఆ నోటీసు అఫిడవిట్‌లో ఉండి తీరాలి. ఇంజంక్షన్ అనేది కోర్టు తన విచక్షణతో ఇచ్చే ఉపశమనం. ముఖ్యమైన విషయాన్ని దాచిపెట్టి ఎదుటి పక్షం లేనప్పుడు ఉత్తర్వు తీసుకుంటే, ఆ దాపరికం ఒక్కటే ఆ ఉత్తర్వును రద్దు చేయించడానికి చాలుతుంది. మనం చెబితే అది కాలక్రమంలో ఒక మామూలు పేరాగా మిగులుతుంది, ఎదుటివారు చెబితే మన మీద ఆరోపణ అవుతుంది. కక్షిదారుకు ఈ తేడాను నిదానంగా వివరించి, ఒప్పించి రాయించాలి. ఆమె ఒప్పుకోకపోతే ఆ అఫిడవిట్‌ను ముందుకు కదపకూడదు.

వాచ్‌మన్ విషయంలోనూ ఒక ప్రశ్న మిగిలింది: అతను కచ్చితంగా ఏం చూశాడు? అతన్నే అడిగించగా, ఇద్దరు మనుషులు గడ్డపారలతో కడీలు పెకలించారని, ఆయన అక్కడే నిలబడి ఉన్నాడని తేలింది. "పీకించాడు" అనే మాట బదులు మనకు ఇప్పుడు చూడదగిన దృశ్యం దొరికింది. వీలైతే వాచ్‌మన్ చేతనే మరో చిన్న అఫిడవిట్ ఇప్పించడం అన్నింటికన్నా మేలు.

## 6. వరుస కట్టడం

ఇప్పుడు "చూ", "వి" చీటీలను పాతదాని నుంచి కొత్తదాని దాకా ఒక వరుసలో పేర్చండి. "ఊ" చీటీలలో పిటిషన్‌కు అవసరమైన ఒకటి రెండింటిని మాత్రం వరుస చివర పెట్టండి. "బా" చీటీలు వరుసలోకి రావు.

కాలక్రమానికి ఒక్క మినహాయింపే ఇస్తాను. మొదటి పేరాలో ప్రమాణం చేస్తున్నది ఎవరో, కేసులో వారి స్థానమేమిటో చెప్పాలి. దాని తర్వాత గడియారం వెనక్కి తిరగకూడదు. "అంతకుముందు", "ఇంతలో", "అసలు సంగతేమంటే" అనే మాటలు చిత్తుప్రతిలో కనిపించాయంటే అక్కడ ఏదో చీటీ తప్పు చోట ఉందన్నమాట.

భర్త మరణం ఈ వరుసలో ఉండాలా? కొనుగోలు ఆమె పేరు మీదే జరిగింది, స్వాధీనం ఆమెది, కాబట్టి ఈ పిటిషన్‌కు ఆ సంగతితో పని లేదు. ఆస్తి భర్త పేరు మీద ఉండి వారసత్వంగా వచ్చి ఉంటే అదే మరణం తేదీతో సహా ఒక ముఖ్యమైన పేరా అయ్యేది. ఒక సంగతి ఉండాలా వద్దా అన్నది అది ఎంత బాధాకరమన్నదాన్ని బట్టి కాకుండా, అడుగుతున్న ఉపశమనానికి అది కావాలా అన్నదాన్ని బట్టి తేల్చాలి.

## 7. పేరాలుగా రాయడం

వాణిజ్య వివాదాల కోసం 2015లో వచ్చిన కమర్షియల్ కోర్టుల చట్టం 19వ ఆర్డరుకు 6వ రూలును చేర్చింది. సాక్ష్యపు అఫిడవిట్ కాలక్రమాన్ని అనుసరించాలని, వరుస సంఖ్యల పేరాలుగా ఉండాలని, వీలైనంతవరకు ఒక్కో పేరా ఒక్కో అంశానికే పరిమితం కావాలని, తేదీలతో సహా సంఖ్యలన్నీ అంకెల్లో ఉండాలని, జతచేసిన పత్రాల గుర్తు, పేజీ సంఖ్య చూపాలని ఆ రూలు చెబుతుంది. అది వాణిజ్య వివాదాలకు వర్తించే నియమమే అయినా, మామూలు సివిల్ అఫిడవిట్‌కు కూడా అంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు.

ప్రతి పేరా ఈ ప్రశ్నలలో వర్తించేవాటికి జవాబు చెప్పాలి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు లేదా ఏమన్నారు, నాకెలా తెలుసు, ఏ పత్రం చూపుతోంది. ఈ కొలతతో మన ఉదాహరణ ఇలా తయారవుతుంది:

> 1. నేను ఈ పిటిషన్‌లో పిటిషనర్‌ను, దావాలో వాదిని. కింది 6వ పేరాలో ఇతరులు చెప్పగా తెలిసినదిగా, 11వ పేరాలో నా నమ్మకంగా పేర్కొన్నవి మినహా మిగిలిన విషయాలు నాకు స్వయంగా తెలుసు.
>
> 2. 14-06-2017న రిజిస్టరైన సేల్ డీడ్ ద్వారా, పిటిషన్ షెడ్యూలులో వివరించిన 200 చదరపు గజాల స్థలాన్ని నేను కొన్నాను. సేల్ డీడ్ నకలు డాక్యుమెంట్ 1.
>
> 3. 2018 ఫిబ్రవరిలో ఆ స్థలం చుట్టూ 30 రాతి కడీలు పాతించి ముళ్లకంచె వేయించాను. కడీలు కొన్న 11-02-2018 తేదీ రసీదు డాక్యుమెంట్ 2.
>
> 4. మొదటి రెస్పాండెంట్ తన న్యాయవాది ద్వారా పంపిన 09-08-2022 తేదీ నోటీసు నాకు అందింది. షెడ్యూలు స్థలం తన తండ్రిదని అందులో పేర్కొన్నారు. నేను ఆ నోటీసుకు జవాబు ఇవ్వలేదు. నోటీసు నకలు డాక్యుమెంట్ 3.
>
> 5. 03-03-2025 ఉదయం సుమారు 10 గంటలకు మొదటి రెస్పాండెంట్ మరో ముగ్గురితో కలిసి షెడ్యూలు స్థలంలో టేపుతో కొలతలు తీస్తుండగా నేను చూశాను. ఎందుకు కొలుస్తున్నారని అడిగాను. ఆయన సమాధానం ఇవ్వలేదు.
>
> 6. 16-03-2025 రాత్రి 9.40 గంటలకు, షెడ్యూలు స్థలం పక్కనున్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ (పేరు, తండ్రి పేరు, చిరునామా) నాకు ఫోన్ చేశారు. ఇద్దరు వ్యక్తులు గడ్డపారలతో తూర్పు వైపు కడీలను పెకలిస్తున్నారని, మొదటి రెస్పాండెంట్ అక్కడ నిలబడి ఉన్నారని, తాను అది చూశానని ఆయన నాకు చెప్పారు.
>
> 7. 17-03-2025 ఉదయం 7 గంటలకు నేను స్థలం వద్దకు వెళ్లాను. తూర్పు వైపున్న 11 కడీలలో 4 నేల మీద పడి ఉండడం, వాటి మధ్య కంచె తీగ తెగి ఉండడం చూశాను. అప్పుడు నేను నా ఫోన్‌తో తీసిన ఫొటోలు డాక్యుమెంట్ 4.
>
> 8. అదే రోజు ఉదయం 11 గంటలకు పోలీసు స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చాను. దాని రసీదు డాక్యుమెంట్ 5. ఈ అఫిడవిట్ తేదీ 24-03-2025 వరకు ఎఫ్‌ఐఆర్ నకలు గానీ, మరే సమాచారం గానీ నాకు అందలేదు.
>
> 9. 19-03-2025 సాయంత్రం సుమారు 5.30 గంటలకు షెడ్యూలు స్థలం వద్ద మొదటి రెస్పాండెంట్ నాతో, "ఈ జాగా మా నాన్నది, లోపల అడుగు పెడితే చూసుకుంటా" అన్నారు. ఆ సమయంలో నా సోదరుడు నా పక్కనే ఉన్నారు.
>
> 10. 24-03-2025 నాటికి మిగిలిన 26 కడీలు నిలబడి ఉన్నాయి. స్థలంలో మొదటి రెస్పాండెంట్ తరఫున ఏ నిర్మాణమూ లేదు. స్థలం నా స్వాధీనంలోనే ఉంది.
>
> 11. పై 5, 6, 7, 9 పేరాలలో చెప్పిన సంఘటనలను బట్టి, మొదటి రెస్పాండెంట్ నన్ను షెడ్యూలు స్థలం నుంచి తొలగించే ప్రయత్నం చేస్తారని నేను నమ్ముతున్నాను.

ఆమె చెప్పిన "పట్టించుకోలేదు" ఎనిమిదో పేరాలో ఎలా మారిందో గమనించండి. పోలీసులు లోపల ఏం చేశారో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసింది తనకు ఏదీ అందలేదని మాత్రమే, కాబట్టి అంతవరకే ప్రమాణం చేయగలదు. "ఎప్పటికైనా కబ్జా చేసేస్తాడు" అనే భయాన్ని 11వ పేరాలోకి తెచ్చినప్పుడు, ఆ నమ్మకం ఏ పేరాల మీద నిలబడిందో సంఖ్యలతో చూపించాం. 3వ రూలు అడిగే ఆధారం అదే.

ప్రైమాఫేసీ కేసు, సౌలభ్యాల తులనం, కోలుకోలేని నష్టం అనేవి న్యాయవాది వాదించవలసిన అంశాలు. మన కోర్టులలో ఆనవాయితీగా అఫిడవిట్‌లోనూ వాటిని ఒక పేరాగా రాస్తారు. రాయవలసి వస్తే అన్నిటికంటే చివర, రెండు వాక్యాలకు మించకుండా, ఏ పేరాల సంగతుల వల్ల అలా అంటున్నారో సంఖ్యలు చూపుతూ రాయండి.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

సంగతి వేషంలో వచ్చే అభిప్రాయం. "దౌర్జన్యంగా ప్రవేశించారు", "అక్రమంగా కొలిచారు" అని రాస్తారు. చూడడానికి సంఘటనలా ఉన్నా "దౌర్జన్యంగా", "అక్రమంగా" అనేవి తీర్పులు. ఆ మాట తీసేసి వాక్యాన్ని మళ్లీ చదవండి. సంగతి ఇంకా బలంగానే ఉంటే ఆ మాట అక్కర్లేదు. బలం తగ్గిందనిపిస్తే, ఆ మాట వెనకున్న చర్యను అడిగి రాయండి: గేటు తాళం పగలగొట్టారా, చేయి పట్టుకుని లాగారా?

సర్వనామాల గజిబిజి. "ఆయన వచ్చి ఆయనతో చెప్పగా ఆయన వెళ్లారు" అన్న వాక్యంలో ముగ్గురు మనుషులు ఉండవచ్చు. ప్రతి వ్యక్తికి మొదటిసారే ఒక పిలుపు ఖాయం చేసి, చివరి దాకా అదే వాడండి. స్థలానికి కూడా ఇదే పద్ధతి: ఒకచోట "షెడ్యూలు స్థలం", మరోచోట "సదరు ప్లాటు", ఇంకోచోట "మా జాగా" అంటే మూడు స్థలాలున్నాయన్న అనుమానం వస్తుంది.

చేసినవారు కనిపించని వాక్యం. "కడీలు పెకలించబడినవి" అని రాస్తే పెకలించిందెవరో మాయమవుతుంది. ఎవరో తెలిస్తే చెప్పండి. తెలియకపోతే, ఏడో పేరాలో చేసినట్టు "పడి ఉండడం చూశాను" అని రాయండి.

మాటలను మెరుగుపరచడం. ఎదుటివారు "చూసుకుంటా" అంటే, అఫిడవిట్‌లో అది "చంపుతానని బెదిరించారు" అయిపోతుంది. ఈ పొరపాటును కక్షిదారు కంటే రాసేవారే ఎక్కువగా చేస్తారు. పలికిన మాటను కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఉన్నట్టు పెట్టండి, దాని అర్థాన్ని కోర్టుకు వదిలేయండి. సోదరుడు రేపు సాక్షిగా వచ్చినప్పుడు ఆయన నోటి నుంచి వచ్చేది పలికిన మాటే.

పత్రాన్ని మళ్లీ ఎత్తిరాయడం. నోటీసు మొత్తాన్ని పేరాలో దింపనవసరం లేదు. తేదీ, ఎవరి నుంచి, అవసరమైన ఒక్క అంశం, డాక్యుమెంట్ సంఖ్య చాలు.

బాధను ఎప్పుడూ తీసేయాలనుకోవడం. ఇది పైవాటికి ఎదురు దిశలో జరిగే పొరపాటు. క్రూరత్వం ఆధారంగా విడాకులు కోరే కేసులోనో, గృహహింస కేసులోనో, ఆమె మానసిక స్థితి కూడా కేసులో ఒక సంగతే. అప్పుడు కూడా "నరకం అనుభవించాను" అని వదిలేయకూడదు. ఏ తేదీ నుంచి నిద్ర పట్టలేదో, ఏ వైద్యుడి దగ్గరకు ఎప్పుడు వెళ్లారో, ఏ మందు రాశారో చెప్పాలి.

## 9. ధ్రువీకరణ పేరా

అఫిడవిట్ చివర "పై విషయాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజం" అని అచ్చుపోసిన ఒక్క వాక్యం పెట్టేస్తుంటారు. పైన ఆరో పేరా విన్న సంగతి, 11వ పేరా నమ్మకం అయినప్పుడు ఆ వాక్యం సరికాదు. బొంబాయి రాష్ట్రం వర్సెస్ పురుషోత్తం జోగ్ నాయక్ కేసులో 1952లోనే సుప్రీంకోర్టు దీన్ని ఎత్తిచూపింది. ఏది సొంత ఎరుకో, ఏది సమాచారమో విడిగా చెప్పాలని, సమాచారమైతే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలపాలని అంది. మన ఉదాహరణకు ధ్రువీకరణ ఇలా ఉంటుంది:

> 1 నుంచి 5 వరకు, 7 నుంచి 10 వరకు గల పేరాలలోని విషయాలు నా సొంత ఎరుకతో నిజం. 6వ పేరాలో నాకు ఫోన్ వచ్చిన సంగతి నా సొంత ఎరుకతో నిజం. సంఘటన వివరాలు అందులో పేర్కొన్న వాచ్‌మన్ చెప్పగా తెలిసినవి, వాటిని నేను నిజమని నమ్ముతున్నాను. 11వ పేరా, అందులో చూపిన ఆధారాల మీద నా నమ్మకం.

చీటీల మీద వేసిన "చూ", "వి", "ఊ" గుర్తులు ఇక్కడ పనికివస్తాయి. వాటిని చివరి దాకా దాచి ఉంచితే ఈ పేరా రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. పేరాల సంఖ్య మారిన ప్రతిసారీ దీన్ని కూడా మార్చాలి. చివరి నిమిషంలో ఒక పేరా చేర్చి, ధ్రువీకరణలోని సంఖ్యలను మరిచిపోవడం చాలా తరచుగా జరుగుతుంది.

## 10. సంతకానికి ముందు

అఫిడవిట్‌ను కక్షిదారు ఎదుట పేరా పేరాగా పైకి చదవండి. ఆమెకు రాని భాషలో తయారైతే, తెలుగులో పూర్తిగా వివరించి, అలా వివరించినట్టు అఫిడవిట్ చివర నమోదు చేయాలి. ప్రతి పేరా దగ్గర ఆగి, "ఇది మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడగండి. ఆమె జవాబుకు, మీ చీటీ గుర్తుకు తేడా వస్తే అక్కడికక్కడే దిద్దాలి. తప్పుడు ప్రమాణానికి శిక్ష పడేది ఆమెకు కాబట్టి, ఆమె నోట రాని మాట ఒక్కటి కూడా అందులో మిగలకూడదు.

ఆ తర్వాత ఈ జాబితాతో ఒకసారి సరిచూసుకోండి.

- ప్రతి పేరాలో ఒకే సంగతి లేదా ఒకే సంఘటన ఉంది.
- తేదీలు అంకెల్లో, ఒకే తీరులో, ముందు నుంచి వెనక్కి పోకుండా ఉన్నాయి.
- "సుమారు" అన్న మాట జ్ఞాపకం మీద చెప్పిన సమయాలకే ఉంది.
- విన్న సంగతులకు చెప్పినవారి పేరు, వివరం ఉన్నాయి.
- మనకు ఇబ్బంది కలిగించే పత్రం కూడా తన తేదీ దగ్గర ఉంది.
- పేరాల్లోని డాక్యుమెంట్ సంఖ్యలు, జతచేసిన కాగితాల మీది సంఖ్యలు ఒకటే.
- లెక్కలు కలుస్తున్నాయి: 30 కడీలలో 4 పడితే మిగిలినవి 26.
- ఫోన్ ఫొటోల అసలు ఫైళ్లు చెరిపేయకుండా ఉన్నాయి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద కావలసిన సర్టిఫికెట్ సిద్ధమవుతోంది.
- ధ్రువీకరణలోని పేరా సంఖ్యలు చివరి ప్రతితో సరిపోతున్నాయి.